ఖాళీ కాగితం మీద సంతకం

అప్పు తీసుకున్నవాడు తీర్చాలి. ఈ విషయంలో మన ఆదివాసీ సమాజంలో రెండో మాట లేదు. నాగుకు తెచ్చుకున్న వడ్లను పంట ఇంటికి రాగానే ముందు కొలిచి ఇచ్చి, మిగిలింది తిన్న ఇళ్లు మన గూడేల్లో ఎన్నో ఉన్నాయి. తాత చేసిన అప్పును మనవడు తీర్చిన సంగతులు కూడా పెద్దలు చెబుతుంటారు. కాబట్టి నేనిక్కడ అడిగే ప్రశ్న అప్పు తీర్చాలా వద్దా అన్నది కాదు. అప్పిచ్చే మనిషి హామీ కింద సంతకం చేసిన ఖాళీ చెక్కు అడిగినప్పుడు, ఖాళీ ప్రోనోటు అడిగినప్పుడు, మనం నిజానికి అతని చేతిలో పెడుతున్నది ఏమిటి? మన మాటనా, లేక మన తరఫున మాట ఇచ్చే హక్కునా?

ఈ రెండింటికీ తేడా ఉంది. "నీ దగ్గర నలభై వేలు తీసుకున్నాను, సంక్రాంతి తర్వాత ఇస్తాను" అంటే అది మాట. దానికి ఒక కొలత ఉంది, ఒక గడువు ఉంది. ఎంత ఇవ్వాలో, ఎప్పటికి ఇవ్వాలో ఆ మాటలోనే ఉంది. ఖాళీ కాగితం మీద సంతకంలో ఇవేవీ లేవు. ఎంత, ఎప్పుడు, ఎవరికి అన్న మూడూ అవతలివాడు తర్వాత తీరిగ్గా రాసుకుంటాడు. కింద మాత్రం మన పేరు ముందే ఉంటుంది. అంటే మనం మాట ఇవ్వలేదు, మన నోటినే అతనికి అప్పగించి వచ్చాం.

మా ఏజెన్సీలో ఇది ఎలా జరుగుతుందో అందరికీ తెలిసిందే. జూన్‌లో వానలు పడగానే పత్తి గింజలు, ఎరువులు కావాలి. బ్యాంకులో పంట రుణం అందని కౌలు రైతు, పోడు రైతు మండల కేంద్రంలో ఎరువుల దుకాణానికి వెళ్తాడు. షావుకారు సరుకు ఇస్తాడు, ఖాతాలో రాసుకుంటాడు. రెవెన్యూ స్టాంపు అంటించిన అచ్చు ప్రోనోటు ఒకటి తీసి, "ఇక్కడొక సంతకం, ఇక్కడొక సంతకం" అంటాడు. బ్యాంకు ఖాతా ఉందని తెలిస్తే ఒకటి రెండు చెక్కులు కూడా అడుగుతాడు. "ఇవన్నీ ఊరికే, నమ్మకం కోసం. నువ్వు డబ్బు కడితే చింపేస్తా" అంటాడు. ఆ మాట చాలాసార్లు నిజమే కూడా. చాలామంది షావుకార్లు ఆ కాగితాలను బీరువాలో పెట్టి మరిచిపోతారు. తగాదా వచ్చిన రోజునే అవి బయటికి వస్తాయి.

ముందు తేదీ వేసి ఇచ్చే చెక్కుకు, ఖాళీ చెక్కుకు తేడా కూడా తెలుసుకోవాలి. ముందు తేదీ చెక్కులో మొత్తం రాసి ఉంటుంది, పేరు రాసి ఉంటుంది, రాబోయే నెలలో ఒక తేదీ ఉంటుంది. ఆ తేదీ వచ్చేదాకా దాన్ని బ్యాంకులో వేయడానికి లేదు. వచ్చాక మూడు నెలల్లోపు వేసుకోవాలి. 2012 ఏప్రిల్ నుంచి చెక్కు ఆయుష్షు మూడు నెలలే, అంతకు ముందు ఆరు నెలలు ఉండేది. మూడు నెలలు దాటితే బ్యాంకు దాన్ని తీసుకోదు. అంటే ఆ చెక్కు ఒకనాటికి చచ్చిపోతుంది.

తేదీ రాయని చెక్కుకు చావు లేదు. 2019లో ఇచ్చిన చెక్కు మీద 2024లో తేదీ వేస్తే అది ఆ రోజే పుట్టినట్టు. ప్రోనోటు సంగతీ అంతే. అడగ్గానే చెల్లించాల్సిన ప్రోనోటు మీద రాసిన తేదీ నుంచి మూడేళ్లలోపు కోర్టుకు వెళ్లకపోతే దావాకు కాలం చెల్లుతుంది. మధ్యలో మనం కొంత కట్టి, నోటు వెనక చెల్లు రాసి సంతకం పెడితే మళ్లీ మూడేళ్లు మొదలవుతుంది. ఈ గడువులన్నీ చట్టం అప్పు ఉన్నవాడి కోసం పెట్టిన కంచె లాంటివి. పాత బాకీ పేరుతో మనిషిని జీవితాంతం వెంటాడకూడదని పెట్టింది ఆ కంచె. తేదీ ఖాళీగా వదిలిన సంతకం ఆ కంచెను మన చేతులతోనే పీకేస్తుంది. మొత్తం ఖాళీగా వదలడం ప్రమాదమని చాలామందికి తెలుసు. తేదీ ఖాళీగా వదలడం కూడా అంతే ప్రమాదమని తెలిసినవాళ్లు తక్కువ.

ఒక లెక్క వేసుకుందాం. ఒక పత్తి రైతు జూన్ మొదట్లో నలభై వేల సరుకు తెచ్చాడు. వడ్డీ నూటికి నెలకు మూడు రూపాయలు, అంటే ఏడాదికి ముప్పై ఆరు. ఒక ఖాళీ ప్రోనోటు, ఒక ఖాళీ చెక్కు ఇచ్చాడు. జనవరి చివర పత్తిని అదే షావుకారు కాంటాకు వేశాడు. ఎనిమిది నెలల వడ్డీ 9,600. అసలుతో కలిపి 49,600. పత్తి డబ్బులోంచి షావుకారు ముప్పై వేలు పట్టుకున్నాడు. మిగిలిన బాకీ 19,600. నోటు మీద చెల్లు రాయలేదు, రసీదు ఇవ్వలేదు, దుకాణం పుస్తకంలో మాత్రం రాసుకున్నాడు. జూన్ వచ్చేసరికి మరో నాలుగు నెలల వడ్డీ కలిసి బాకీ 21,952 అయింది. రైతు మళ్లీ ఇరవై వేల సరుకు తెచ్చాడు. ఇప్పుడు న్యాయమైన బాకీ, ఆ ఎక్కువ వడ్డీని ఒప్పుకున్నా సరే, దాదాపు నలభై రెండు వేలు.

ఆ ఏడాది ధర బాగుందని రైతు పత్తిని వేరే చోట అమ్మాడు. షావుకారుకు కోపం వచ్చింది. ఆ కోపంలో కొంత న్యాయం కూడా ఉంది, పెట్టుబడి పెట్టింది తనే కదా. కానీ అతను చేసింది వేరు. బీరువాలోంచి చెక్కు తీసి రెండు లక్షలు అని రాశాడు, తేదీ వేశాడు, తన ఖాతా ఉన్న పట్టణం బ్యాంకులో వేశాడు. రైతు ఖాతాలో డబ్బు లేదు. చెక్కు తిరిగి వచ్చింది, తగినంత సొమ్ము లేదని బ్యాంకు చీటీ ఇచ్చింది.

ఇక్కడినుంచి 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం మొదలవుతుంది. దానిలో 138వ సెక్షన్ 1989 నుంచి అమల్లో ఉంది. బ్యాంకు చీటీ అందిన ముప్పై రోజుల్లోపు షావుకారు రైతుకు రాతపూర్వకంగా నోటీసు పంపాలి. నోటీసు అందాక రైతుకు పదిహేను రోజుల గడువు. ఆ గడువులో కట్టకపోతే నేరం పూర్తయినట్టు. ఆ తర్వాత నెలలోపు షావుకారు మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు చేయవచ్చు. అది కూడా తన బ్యాంకు ఖాతా ఉన్న ఊరి కోర్టులోనే. రైతు గూడెం నుంచి ప్రతి వాయిదాకు అక్కడికి పోవాలి. నేరం రుజువైతే రెండేళ్ల దాకా జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ. 2018లో వచ్చిన సవరణ వల్ల కేసు తేలకముందే చెక్కు మొత్తంలో ఇరవై శాతం దాకా కట్టమని కోర్టు చెప్పవచ్చు కూడా.

మామూలు బాకీ దావా అయితే సివిల్ వ్యవహారం. చెక్కు వల్ల అదే బాకీ క్రిమినల్ కేసయింది. షావుకారు చెక్కు అడిగేది ఇందుకే. ఏజెన్సీలో దీనికి ఇంకో కారణం కూడా ఉందని నా అభిప్రాయం. 1959లో వచ్చి 1970లో బిగించిన భూబదలాయింపు నిబంధన, మనం 1/70 అని పిలుచుకునేది, షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనుడి భూమిని గిరిజనేతరుడు కొనడాన్నే కాదు, తాకట్టు పెట్టుకోవడాన్ని కూడా చెల్లదంది. భూమి తాకట్టుకు దొరకదు. ఇంట్లో బంగారం లేదు. ఇక తాకట్టు పెట్టుకోవడానికి మిగిలింది మనిషి భయమే. ఖాళీ చెక్కు అంటే జైలు భయాన్ని తాకట్టు పెట్టడం.

ఇప్పుడు రైతు ఏం చెబుతాడు? మొదట వచ్చే మాట, "ఆ రాత నాది కాదు." ఇది అతన్ని కాపాడదు. సంతకం చేసిన ఖాళీ చెక్కును ఇష్టపూర్వకంగా ఇస్తే, మిగతావి ఎవరు నింపినా సరే, అది బాకీ కోసమే ఇచ్చిందని కోర్టు ముందుగా అనుకుంటుంది. 2019లో బీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. స్టాంపు అంటించి సంతకం చేసిన ఖాళీ ప్రోనోటును నింపుకునే అధికారం పుచ్చుకున్నవాడికి ఉందని అదే చట్టంలో 20వ సెక్షన్ కూడా అంటుంది. మన నోటిని అప్పగించడం అని నేను పైన అన్నది ఉపమానం కాదన్నమాట. చట్టం కూడా అలాగే చూస్తుంది.

రెండో మాట, "నేనసలు అతని దగ్గర అప్పే తీసుకోలేదు, చెక్కు పోయింది, ఎవరో దొంగిలించారు." ఇక్కడే అసలైన నైతిక ప్రశ్న ఉంది. అవతలివాడు నలభై రెండు వేలను రెండు లక్షలు చేశాడు. అంత పెద్ద అబద్ధానికి చిన్న అబద్ధంతో జవాబివ్వడం తప్పా? ఊళ్లో పెద్దమనుషులు కూడా కొందరు, "దొంగకు దొంగ మాటే మందు" అంటారు. నేను ఒప్పుకోను. తీసుకున్నది తీసుకోలేదంటే మన పెద్దలు కాపాడుకుంటూ వచ్చిన ఒక్క ఆస్తి, మాట మీద నిలబడే పేరు, పోతుంది. అది ఒక సంగతి. రెండో సంగతి, అబద్ధం కోర్టులో కూడా నిలవదు. దుకాణం బిల్లు మీద రైతు సంతకం ఉంటుంది, సరుకు మోసిన ఆటోవాడు ఉంటాడు. ఒక్క అబద్ధం బయటపడితే, మిగతా నిజం కూడా ఎవరూ నమ్మరు.

నిజమే రైతుకు బలమైన జవాబు. "నేను ఇతని దగ్గర ఈ తేదీన నలభై వేల సరుకు, ఈ తేదీన ఇరవై వేల సరుకు తీసుకున్నాను. జనవరిలో ముప్పై వేలు పత్తి డబ్బులోంచి పట్టుకున్నాడు. మిగిలింది ఇంత. చెక్కు ఖాళీగా ఇచ్చాను." చట్టం చేసే ఊహ కొట్టివేయలేనిది కాదు. తన మాట ఎక్కువ నమ్మదగ్గదిగా ఉందని రైతు చూపిస్తే చాలు, సందేహం లేకుండా రుజువు చేయాల్సిన పని లేదు. 2022లో దశరథ్‌భాయ్ పటేల్ కేసులో సుప్రీంకోర్టు ఇంకో మంచి మాట చెప్పింది. చెక్కు ఇచ్చాక బాకీలో కొంత తీర్చి ఉంటే, ఆ తీర్చినదాన్ని చెక్కు మీద చెల్లు రాయకుండా పూర్తి మొత్తానికి బ్యాంకులో వేస్తే, 138 కింద నేరం కాదు అని. అంటే చట్టం కూడా అసలు బాకీ ఎంత అనే అడుగుతోంది. ఆ ప్రశ్నకు జవాబు కాగితాల మీద ఉండాలి. కాంటా చీటీలు, తక్‌పట్టీలు, దుకాణం బిల్లులు, బ్యాంకు పాసుబుక్కు. చెక్కు నంబరు కూడా సాక్ష్యమే. ఆ పుస్తకంలో ముందూ వెనకా ఉన్న చెక్కులు నాలుగేళ్ల క్రితమే వాడినవైతే, ఈ ఒక్కటి మాత్రం మొన్ననే రాసిచ్చానంటే ఎవరు నమ్ముతారు? కాబట్టి వాడేసిన చెక్కుబుక్కు మొండెం పారేయకండి. అందులోనే ఎవరికి ఏ చెక్కు ఇచ్చామో రాసుకునే చోటు ఉంటుంది.

మన గూడేల్లో కేసులు పోయేది ఎక్కువగా వాదనలో కాదు, మొదటి పదిహేను రోజుల్లోనే. పోస్టుమాన్ స్పీడ్ పోస్టు ఉత్తరం తెస్తే, "కోర్టు కాగితం లాగుంది, తీసుకుంటే ఇరుక్కుంటాం" అని తిప్పి పంపేస్తారు. సరైన చిరునామాకు వచ్చిన నోటీసును తీసుకోనంటే అందినట్టే లెక్క. గడువు మనకు తెలియకుండానే నడిచిపోతుంది. తర్వాత సమన్లు వస్తాయి, వాటికీ పోకపోతే వారంటు వస్తుంది. అప్పుడు పోలీసులు వచ్చి తీసుకుపోతే అప్పు చేసినందుకు అరెస్టయ్యాడని ఊరంతా అనుకుంటుంది. నిజానికి అతను అరెస్టయింది కోర్టుకు పోనందుకు. ఉత్తరం తీసుకోవాలి, అందిన తేదీ కవరు మీద రాసుకోవాలి, పదిహేను రోజుల్లోపు జవాబు పంపాలి. బాకీ ఉన్నంత మేరకు కట్టడానికి సిద్ధమని ఆ జవాబులోనే చెప్పాలి. వకీలుకు డబ్బు లేదని ఆగనక్కరలేదు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం షెడ్యూల్డు తెగల వారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లవచ్చు, 15100 నంబరుకు ఫోను చేయవచ్చు. చెక్కు కేసు ఏ దశలోనైనా రాజీ చేసుకోదగ్గది, లోక్ అదాలత్‌లో ముగించుకోవచ్చు.

కొందరు చదువుకున్న తమ్ముళ్లు ఇంకో ఉపాయం చెబుతారు. ఖాతా మూసేస్తే సరి, లేదా బ్యాంకుకు చెక్కు ఆపమని రాస్తే సరి అని. ఖాతా మూసినా, చెల్లింపు ఆపినా 138 కేసు తప్పదని కోర్టులు ఎప్పుడో తేల్చాయి. అయితే బాకీ తీరిపోయాక చెక్కు తిరిగి ఇవ్వకపోతే మాత్రం, ఆ సంగతి వివరిస్తూ షావుకారుకు స్పీడ్ పోస్టులో ఉత్తరం రాసి, నకలుతో బ్యాంకుకు చెల్లింపు ఆపమని రాయడం మంచిదే. అది కేసును ఆపదు గానీ, తగాదా ముదరకముందే మనం నిజం చెప్పామని తేదీతో సహా చూపిస్తుంది.

షావుకారు వైపు నుంచి కూడా ఆలోచించాలి. భూమి తాకట్టు లేదు, వాన గ్యారంటీ లేదు, అతనికి హామీ ఏదో ఒకటి కావాలి కదా అని అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. ఏజెన్సీలో వడ్డీ వ్యాపారానికి లైసెన్సు ఉండాలని 1960 రెగ్యులేషన్ చెబుతున్నా, లైసెన్సు లేనివాడి దగ్గరికే మనం పోతున్నాం, ఎందుకంటే జూన్‌లో అతనే దొరుకుతాడు. హామీ అడగడం తప్పు కాదు. కానీ ఎద్దును హామీ పెడితే పోయేది ఎద్దు. ఎంత నమ్మకద్రోహి అయినా ఒక ఎద్దును పది ఎద్దులు చేయలేడు. హామీ అన్నదానికి ఒక హద్దు ఉంటుంది. ఖాళీ చెక్కుకు హద్దు లేదు. "నా మీద నమ్మకం లేదా?" అని షావుకారు అడిగినప్పుడు మనవాళ్లు సిగ్గుపడి సంతకం పెడతారు. ఆ ప్రశ్న మొదట అడగాల్సింది ఎవరు? నమ్మకం ఉంటే అతనికి చెక్కు ఎందుకు? తను మనల్ని పైసా కూడా నమ్మకుండా, మనల్ని మాత్రం పూర్తిగా నమ్మమంటున్నాడు. ఇద్దరి మధ్య నమ్మకం ఒకే వైపు నడిస్తే దానికి వేరే పేరు ఉండాలి.

అవసరం మెడ మీద ఉన్నవాడికి ఇదంతా చెప్పి సంతకం పెట్టొద్దంటే వాడి చేను బీడు పడుతుంది. అది నాకు తెలుసు. పెట్టక తప్పనప్పుడు కూడా ఖాళీగా పెట్టకుండా ఉండొచ్చు. తీసుకున్న మొత్తాన్ని అంకెల్లో, అక్షరాల్లో రాయించాలి. తేదీ వేయాలి, పంట వచ్చే నెల తేదీ అయినా సరే. ఇచ్చేవాడి పేరు రాయాలి, చెక్కు పై మూలన రెండు గీతలు గీయాలి. వెనక "ఫలానా తేదీన తీసుకున్న నలభై వేలకు హామీగా" అని ఒక్క వాక్యం రాయాలి. ఇచ్చే ముందు రెండు వైపులా ఫోనులో ఫోటో తీసుకోవాలి. ఇది ఖర్చు లేని పని. ఇలా రాసిన చెక్కును కూడా షావుకారు తీసుకుంటే అతనికి కావాల్సింది తన డబ్బే. తీసుకోనంటే, ఖాళీదే కావాలంటే, ఆ ఖాళీలో అతనికేదో పని ఉందన్నమాట. సరుకు తెచ్చుకోకముందే ఆ సంగతి తెలిసిపోవడం మేలు.

ఇక టీచర్లుగా మన సంగతి. వేలిముద్ర వేసే తరం పోయి, సంతకం పెట్టే తరం వచ్చిందని మనం సంతోషిస్తాం. వయోజన విద్య కేంద్రాల్లో మొదట నేర్పేది పేరు రాయడమే. పేరు రాయడం వచ్చి, పేరు పైన ఉన్నది చదవడం రాని మనిషి వేలిముద్ర మనిషికన్నా క్షేమంగా ఉన్నాడని నేననుకోను. వేలిముద్ర వేసినవాడిని చూసి కోర్టు కనీసం చదువురానివాడని అనుకుంటుంది. సంతకం పెట్టినవాడిని అన్నీ తెలిసే పెట్టాడంటుంది. ఎనిమిదో తరగతిలో చెక్కు నమూనా గీసి, ప్రతి గడిని నింపడం నేర్పడానికి ఒక పీరియడు చాలు. ప్రోనోటు వెనక చెల్లు ఎలా రాయాలో చెప్పడానికి ఇంకో పీరియడు.

గూడెంలో జీతం వచ్చేది మనకే కాబట్టి ప్రోనోటు మీద సాక్షి సంతకానికి కూడా మన దగ్గరికే వస్తారు. సాక్షి సంతకమంటే, ఈ మాట నా ముందు జరిగింది అని చెప్పడం. ఖాళీ నోటు మీద ఏ మాటా జరగలేదు. అక్కడ సాక్షి సంతకం పెడితే జరగనిదానికి సాక్ష్యం చెప్పినట్టు. పైగా రేపు కోర్టులో అదే కాగితం చూపించి, "ఊరి మాస్టరే సంతకం చేశాడు కదా" అంటారు. ఆ రైతును ముంచడానికి మన పేరే బరువు అవుతుంది.

మొన్న వానకాలంలో మా పక్క గూడెం కుర్రాడు ఒకడు షావుకారును వెంటబెట్టుకుని బడికే వచ్చాడు. "సార్, మీరు సాక్షిగా సంతకం పెడితే పదిహేను వేలు ఇస్తాడంట" అన్నాడు. నోటు చూస్తే స్టాంపు, దాని మీద కుర్రాడి సంతకం తప్ప ఏమీ లేదు. "మొత్తం రాయండి, పెడతాను" అన్నాను. "తర్వాత రాసుకుంటాంలే సార్, సాయంత్రం అవుతోంది" అన్నాడు షావుకారు. "అయితే నేను కూడా తర్వాతే పెడతాను" అన్నాను. అతను నా ముఖం కాసేపు చూశాడు. కోపం వచ్చిందేమో అనుకున్నాను. జేబులోంచి పెన్ను తీసి, బెంచీ మీద కూర్చుని, పదిహేను వేలు అని అక్షరాల్లో రాశాడు, ఆ రోజు తేదీ వేశాడు. కుర్రాడు దాన్ని చదివి, ఫోటో తీసుకున్నాక నేను సంతకం పెట్టాను.